ఆగుతూ సాగే సిటీ బస్సు బ్రేకులో తిరిగొచ్చే కరెంటు: ఒకే బస్సు, ఒకే దారి, మూడు శాతాలు

ఒకే ఎలక్ట్రిక్ బస్సు, ఒకే దారి, ఒకే డ్రైవరు. బ్రేకు ద్వారా ఎంత కరెంటు తిరిగొచ్చిందని అడిగితే ఒక నివేదికలో 47 శాతం అని, ఇంకో దాంట్లో 30 శాతం అని, మూడో దాంట్లో 25 శాతం అని ఉండవచ్చు. మూడూ సరైనవే. దేనితో భాగించారు, మీటరు ఎక్కడ పెట్టారు అన్నదాన్ని బట్టే ఈ తేడా వస్తుంది. ఈ కేస్ స్టడీలో ఆ మూడు అంకెలూ ఎలా పుడతాయో ఒక బస్సు మీద మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసి చూద్దాం. ఆ తర్వాత నిజం బస్సులో ఆ కరెంటు ఎక్కడెక్కడ జారిపోతుందో, దాన్ని లాగ్‌లో ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ఏ దారి, ఏ బస్సు

దారి కోసం సార్ట్ 1 తీసుకున్నాం. బస్సులను పోల్చడానికి అంతర్జాతీయ ప్రజా రవాణా సంఘం యూఐటీపీ రూపొందించిన పరీక్షా క్రమాల్లో ఇది బాగా రద్దీగా ఉండే నగరానిది. 520 మీటర్లలో మూడు పరుగులుంటాయి. మొదట 100 మీటర్ల దూరంలో 20 కిలోమీటర్ల వేగం అందుకుని ఆగాలి. తర్వాత 200 మీటర్లలో 30 అందుకుని ఆగాలి. చివరగా 220 మీటర్లలో 40 అందుకుని ఆగాలి. ఆగిన ప్రతిచోటా 20 సెకన్లు నిలబడాలి. వేగం ఎప్పుడు తగ్గించినా ఒక్కో సెకనులో సెకనుకు 0.8 మీటర్ల చొప్పునే, అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి దాదాపు 14 సెకన్లు పడుతుంది. మొత్తం 520 మీటర్లకు 154 సెకన్లు, సగటు వేగం గంటకు 12 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట, కోఠి వైపు బస్సెక్కినవాళ్లకు ఈ వేగం గురించి విడిగా చెప్పక్కర్లేదు.

బస్సు 12 మీటర్లది, లోపలి జనంతో కలిపి 15,000 కిలోలు. వెనక ఇరుసుకే మోటారు. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, అంటే ఎల్‌ఎఫ్‌పీ, 600 వోల్టుల ప్యాక్, 250 యూనిట్లది. టైరు దొర్లుడు నిరోధం బరువులో 0.8 శాతం. బ్యాటరీ నుంచి చక్రం దాకా, బ్యాటరీ డీసీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టరు, మోటారు, గేర్లు కలిపి 85 శాతం శక్తి చేరుతుందనుకుందాం. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. మోటారే జనరేటరుగా మారి బస్సును ఆపుతూ కరెంటును వెనక్కి పంపడాన్ని రీజెన్ అంటారు. ఆ రీజెన్ బ్రేకుకు గరిష్ఠంగా చక్రం దగ్గర 12 కిలోన్యూటన్ల బలం, 120 కిలోవాట్ల పవర్ పరిమితి పెట్టాం. ఇవి ఏ ఒక్క కంపెనీ మోడలువీ కావు. ఈ సైజు బస్సుకు సహేతుకమైన విలువలు. మీ బస్సు అంకెలు వేరైతే అవి పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

రోడ్డు సమతలం అనుకున్నాం. చక్రాలు, రోటారు తిరుగుడు వల్ల కలిసే మూడు నాలుగు శాతం జడత్వాన్ని వదిలేశాం, ఎందుకంటే అది వేగం పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ రెండు వైపులా వస్తుంది.

గతిశక్తి ఎంత, అందులో బ్రేకుకు మిగిలేది ఎంత

గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 టన్నుల బస్సు 20 కిలోమీటర్ల వేగంలో 64 వాట్-అవర్లు మోస్తుంది. 30 దగ్గర 145, 40 దగ్గర 257. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. మూడు పరుగులకీ కలిపి 466 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు మన మీటరు భాషలో ఒక యూనిట్ కాబట్టి, అరకిలోమీటరు దూరంలో దాదాపు అర యూనిట్ బస్సు ఒంట్లోకి ఎక్కి దిగుతోందన్నమాట.

ఇదంతా బ్రేకు చేతికి రాదు. వేగం తగ్గే దూరంలో కూడా టైర్లు, గాలి తమ వాటా తీసుకుంటూనే ఉంటాయి. మూడు ఆగుడులకీ కలిపి బస్సు 140 మీటర్లు వేగం తగ్గుతూ నడుస్తుంది. ఆ దూరంలో 52 వాట్-అవర్లు టైర్లకీ గాలికీ పోతాయి. మిగిలిన 414 వాట్-అవర్లను ఏదో ఒక బ్రేకు మింగాలి.

ఆగబోయే చివరి క్షణాల్లో మోటారు పనిచేయదు. వేగం ఐదారు కిలోమీటర్లకు పడేసరికి రీజెన్ టార్క్‌ను, అంటే మోటారు చక్రాన్ని పట్టి ఆపే బలాన్ని, కంట్రోలరు మెల్లగా తగ్గించి ఎయిర్ బ్రేకుకు అప్పగిస్తుంది. దీనివల్ల చాలా పోతుందని కొందరు అనుకుంటారు. కానీ 6 కిలోమీటర్ల వేగంలో ఉన్న గతిశక్తి చాలా తక్కువ. ఒక్కో ఆగుడుకు ఐదు వాట్-అవర్ల పైచిలుకు, మూడింటికీ కలిపి 16. ఈ చివరి ముక్క కోసం తక్కువ వేగంలో టార్క్ పెంచే ట్యూనింగ్ చేయడం వల్ల లాభం దాదాపు సున్నా, నిలబడ్డ ప్రయాణికులకు కుదుపు మాత్రం ఖాయం. దాన్ని అలా వదిలేయడమే మేలు.

అలా మోటారుకు అందేది చక్రం దగ్గర 399 వాట్-అవర్లు. గేర్లు, మోటారు, ఇన్వర్టరు దాటి డీసీ వైపు చేరేది 339.

ఇక ఖర్చు వైపు చూద్దాం. వేగం అందుకోవడానికి, ఆ వేగంలో నిలబెట్టడానికి చక్రం దగ్గర 612 వాట్-అవర్లు కావాలి. బ్యాటరీ వైపు నుంచి లాగేది 720. 339ని 720తో భాగిస్తే 47 శాతం. ఇది మొదటి శాతం. బ్రోచర్లలో కనిపించేది సాధారణంగా ఈ జాతి అంకె. బస్సును కదిలించడానికి పెట్టిన కరెంటులో తిరిగొచ్చిన భాగం ఇది. కిలోమీటరుకు చెప్పుకుంటే 1.39 యూనిట్లు లాగి 0.65 తిరిగిచ్చింది, నికరంగా 0.73.

ఏసీ వచ్చాక అంకె ఎందుకు పడిపోతుంది

బస్సు కదలడానికే కరెంటు తాగదు. ఏసీ, బ్రేకు గాలి కొట్టే కంప్రెసరు, పవర్ స్టీరింగ్ పంపు, బ్యాటరీ చల్లబరిచే చిల్లరు, 24 వోల్టుల లైట్లు, తలుపులు అన్నీ అదే ప్యాక్ మీద ఉంటాయి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, స్టాపు స్టాపుకీ రెండు తలుపులూ తెరిచి మూసే బస్సులో వీటన్నిటికీ కలిపి సగటున 10 కిలోవాట్లు అనుకోవడం అతిశయోక్తి కాదు.

ఆ 10 కిలోవాట్లు దూరాన్ని బట్టి కాదు, గడియారాన్ని బట్టి ఖర్చవుతాయి. సార్ట్ 1 లాంటి దారిలో కిలోమీటరుకు దాదాపు 300 సెకన్లు పడుతుంది. కాబట్టి కిలోమీటరుకు 0.83 యూనిట్లు ఏసీ, తదితరాలకే. రీజెన్ పోను బస్సును కదిలించడానికి అయిన 0.73 కంటే ఇది ఎక్కువ! ట్రాఫిక్ ముదిరేకొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది, దీంట్లోంచి బ్రేకు ద్వారా వెనక్కి వచ్చేది ఏమీ లేదు.

రెండో శాతం ఇక్కడ పుడుతుంది. 520 మీటర్లకు ట్రాక్షన్, అంటే బస్సును కదిలించే ఖర్చు, 720, మిగతా ఖర్చు 429, మొత్తం 1,149 వాట్-అవర్లు. తిరిగొచ్చింది అదే 339. అంటే 30 శాతం. బస్సు రేంజి ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు పనికొచ్చేది ఈ అంకె. రీజెన్ లేకపోతే కిలోమీటరుకు 2.21 యూనిట్లు, ఉంటే 1.56. చలికాలంలో ఏసీ ఆపితే ఇదే బస్సు శాతం దానంతటదే పెరుగుతుంది. రీజెన్ మెరుగుపడి కాదు, కింద భాగించే సంఖ్య తగ్గి. డిసెంబరు నివేదికనూ మే నివేదికనూ పక్కపక్కన పెట్టి రీజెన్ తగ్గిందని వర్క్‌షాపుకు పంపేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

మీటరు ఎక్కడుందన్నది మూడో శాతం

బ్యాటరీ దగ్గరి కరెంటు సెన్సరు ప్యాక్‌లోకి వెళ్లిందీ, బయటకొచ్చిందీ మాత్రమే చూస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఇన్వర్టరు నుంచి వచ్చే కరెంటు మొత్తం ప్యాక్‌కు చేరదు. దారిలోనే ఏసీ కంప్రెసరు తనకు కావలసింది తీసేసుకుంటుంది. 40 నుంచి బ్రేకు పడిన తొలి క్షణంలో ఇన్వర్టరు డీసీ వైపు 98 కిలోవాట్లు వస్తుంటే, అందులో 10 ఏసీ వగైరాలకు పోయి ప్యాక్‌లోకి 88 కిలోవాట్లే, అంటే 600 వోల్టుల దగ్గర 147 ఆంపియర్లే దిగుతాయి.

సార్ట్ 1లో రీజెన్ పనిచేసే సమయం మూడు ఆగుడులకీ కలిపి 25 సెకన్లు. ఆ 25 సెకన్లలో ఏసీ తీసుకునేది 69 వాట్-అవర్లు. అంటే ప్యాక్ సెన్సరు కంటికి రీజెన్ 339 కాదు, 270. అదే కారణంగా బయటకు పోయిన మొత్తం కూడా 1,149 బదులు 1,080గా కనిపిస్తుంది. 270ని 1,080తో భాగిస్తే 25 శాతం. నికర వాడకం మాత్రం రెండు లెక్కల్లోనూ 810 వాట్-అవర్లే. దారిలో ఏసీకి పోయిన కరెంటు వృథా కాలేదు. బ్యాటరీలోకి వెళ్లి మళ్లీ బయటకొచ్చే నష్టం కూడా తప్పించుకుని నేరుగా పనికొచ్చింది. మీటరుకు అది రీజెన్‌గా కనిపించలేదు, అంతే.

కాబట్టి ఇద్దరు తయారీదారుల బస్సులను శాతాలతో పోల్చే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండే: సెన్సరు ఇన్వర్టరు దగ్గరా, ప్యాక్ దగ్గరా? భాగించింది ట్రాక్షన్‌తోనా, మొత్తంతోనా? జవాబు రాకపోతే ఆ శాతం పక్కన పెట్టి కిలోమీటరుకు నికర యూనిట్లు అడగండి.

లాగ్ తీసేటప్పుడు సెకనుకు పది నమూనాలు ఉంటే చాలు. అర నిమిషానికోసారి అంకె పంపే టెలిమాటిక్స్ పెట్టెతో ఈ పని కుదరదు, ఎందుకంటే ఒక బ్రేకు మొత్తం ఐదు నుంచి పద్నాలుగు సెకన్లే. బ్యాటరీ శాతం తేడాతో లెక్క కట్టడం ఇంకా ప్రమాదం. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజి మధ్య భాగంలో దాదాపు సమతలంగా ఉంటుంది కాబట్టి ఆ శాతంలో ఒకటి రెండు పాయింట్ల తప్పు మామూలే. 250 యూనిట్ల ప్యాక్‌లో రెండు పాయింట్లంటే ఐదు యూనిట్లు. ప్యాక్ వోల్టేజి, ప్యాక్ కరెంటు, ఇన్వర్టరు డీసీ పవర్ మూడూ తీసుకుని లోపలికీ బయటికీ విడివిడిగా కూడాలి:

```python
dt = 0.1
out = back = regen = 0.0
for v, i, p_inv in rows:      # V, A, W
    p = v * i                 # + = discharge
    if p > 0:
        out += p * dt
    else:
        back -= p * dt
    if p_inv < 0:
        regen -= p_inv * dt
print(out/3.6e6, back/3.6e6, regen/3.6e6)  # kWh
```

దీన్ని నడపడానికి ముందు, ప్యాక్‌ను బస్సుకు కలిపే స్విచ్‌లైన ప్రధాన కాంటాక్టర్లు తెరిచి ఉన్నప్పుడు కరెంటు సెన్సరు ఎంత చూపిస్తుందో నోట్ చేసుకోవాలి. సున్నా రావాలి. ఒక్క ఆంపియరు తేడా ఉన్నా 600 వోల్టుల దగ్గర అది 0.6 కిలోవాట్లు, పదహారు గంటల డ్యూటీలో దాదాపు పది యూనిట్లు. ఆ పది యూనిట్లు రీజెన్ ఖాతాలో లాభంగానో నష్టంగానో కనిపించి అందరినీ తప్పుదారి పట్టిస్తాయి.

రీజెన్ శాతం ఎక్కువున్న డ్రైవరు మంచి డ్రైవరు కాకపోవచ్చు

డిపోల్లో డ్రైవర్లకు మార్కులు వేయడానికి రీజెన్ శాతాన్ని వాడటం సులువు, డాష్‌బోర్డులోనే కనిపిస్తుంది. కానీ అది తిరకాసు కొలత. సార్ట్ 1లోని మూడో పరుగునే, అంటే రెండు ఆగుడుల మధ్య 220 మీటర్లను, ఇద్దరు నడిపారనుకుందాం.

మొదటివారు 40 దాకా లాగి బ్రేకు వేశారు. ట్రాక్షన్ ఖర్చు 370 వాట్-అవర్లు, తిరిగొచ్చింది 189, శాతం 51. రెండోవారు అదే మెల్లని పికప్‌తో 30 దగ్గర ఆపేసి, అదే వేగంతో వెళ్లి ఆగారు. ఖర్చు 249, తిరిగొచ్చింది 105, శాతం 42. పట్టికలో మొదటివారు ముందున్నారు. నికరంగా చూస్తే మొదటివారు 181 వాట్-అవర్లు తగలేశారు, రెండోవారు 144. రెండోవారికి 2.6 సెకన్లు ఎక్కువ పట్టింది, ఆ సమయంలో ఏసీ తిన్న ఏడు వాట్-అవర్లు కలిపినా 151. బ్యాటరీ దృష్టిలో రెండోవారే గెలిచారు. పైగా 220 మీటర్ల దూరంలో పోయింది మూడు సెకన్లు కూడా కాదు, ముందు సిగ్నలు దగ్గర అవి ఎలాగూ కలిసొస్తాయి.

కారణం చాలా సూటి. బ్యాటరీ నుంచి చక్రానికి 85 శాతం, చక్రం నుంచి బ్యాటరీకి మళ్లీ 85 శాతం. రెండూ గుణిస్తే 72. అంటే ఒకసారి వేగంగా మార్చి, తిరిగి కరెంటుగా మార్చిన ప్రతి వంద వాట్-అవర్లలో 28 దారిలోనే వేడి అయిపోతాయి. బ్యాటరీ లోపలి నిరోధం తినేది దీనికి అదనం. అవసరం లేని వేగం అందుకోకపోవడమే మొదటి పొదుపు. రీజెన్ ఆ తర్వాతి మాట. సిగ్నలు ఎర్రగా కనిపిస్తున్నా యాక్సిలరేటరు తొక్కి, తర్వాత రీజెన్ బాగా వచ్చిందనుకోవడం, జేబులోంచి వంద తీసి 72 వెనక్కి పెట్టుకోవడం లాంటిది.

సడెన్ బ్రేకు ధర

అసలు నష్టం బ్రేకు ఎంత గట్టిగా పడిందన్న దాంట్లో ఉంది. 40 నుంచి మెల్లగా, సెకనుకు 0.8 మీటర్ల చొప్పున తగ్గించినప్పుడు కావలసిన బ్రేకు బలం పది, పదకొండు కిలోన్యూటన్ల మధ్యే. మన బస్సు రీజెన్ పరిమితి 12. పవర్ 116 కిలోవాట్లు, పరిమితి 120. అంటే పనంతా మోటారే చూసుకుంటుంది. డీసీ వైపుకు 189 వాట్-అవర్లు వస్తాయి, డ్రమ్మును రాసి చక్రాన్ని ఆపే బ్రేకు లైనర్ల వాటా ఐదే.

ఇప్పుడు అదే బస్సు అదే వేగం నుంచి సెకనుకు 1.5 మీటర్ల చొప్పున ఆగాలి. ముందు ఆటో అడ్డం వచ్చింది, లేదా స్టాపు దాటిపోతుందని చివర్లో గుర్తొచ్చింది. ఆగే దూరం 77 మీటర్ల నుంచి 41కి తగ్గిపోయింది. కావలసిన బలం 21 కిలోన్యూటన్లు. మోటారు తన 12 ఇచ్చి ఊరుకుంటుంది, మిగతా తొమ్మిది లైనర్లవి. తిరిగొచ్చేది 113 వాట్-అవర్లకు పడిపోతుంది. లైనర్లలో వేడిగా పోయేది 5 నుంచి 109కి పెరుగుతుంది. కరెంటు నష్టం 40 శాతం అయితే లైనర్ల మీద భారం ఇరవై రెట్లకు పైన. అందుకే లైనర్ల అరుగుదలను చూసి డ్రైవింగ్ పద్ధతిని అంచనా వేయడం, రీజెన్ శాతాన్ని చూసి వేయడం కంటే నమ్మకమైనది.

సార్ట్ 1 అంతటా ఇలాగే ఆపుతూ పోతే కిలోమీటరుకు పావు యూనిట్‌కు పైగా పోతుంది. రోజుకు 200 కిలోమీటర్ల సర్వీసులో అది 50 యూనిట్లకు తగ్గదు. ప్రతి ఆగుడూ అంత కటువుగా ఎవరూ చేయరు కాబట్టి ఇది పై హద్దు మాత్రమే.

డ్రైవరుకు చెప్పాల్సింది ఒకే మాట: స్టాపు నుంచి 75, 80 మీటర్ల ముందే యాక్సిలరేటరు వదలాలి, పెడల్‌ను మొదటి భాగంలోనే ఉంచాలి. ఆ దూరాన్ని మీటర్లలో చెబితే ఎవరికీ గుర్తుండదు. ఆరేడు బస్సుల పొడవు అంటే గుర్తుంటుంది.

యాక్సిలరేటరు వదలగానే పడే రీజెన్‌ను గట్టిగా పెట్టాలనే ఆలోచన కొందరికి వస్తుంది. దానికి రెండు హద్దులున్నాయి. ఒకటి నిలబడ్డ ప్రయాణికులు. రెండోది వెనక బ్రేకు లైట్లు. ఐక్యరాజ్య సమితి బ్రేకు నిబంధనల ప్రకారం పెడల్ తొక్కకుండా రీజెన్ వల్ల తగ్గే వేగం సెకనుకు 0.7 మీటర్ల లోపుంటే లైటు వెలగకూడదు, 1.3 దాటితే వెలిగి తీరాలి. ట్యూనింగ్ మార్చిన తర్వాత బ్రేకు లైటు హద్దు మార్చడం మర్చిపోతే, బస్సు ఆగుతున్నా వెనకవాళ్లకు తెలియదు.

రీజెన్ ఉన్నట్టే ఉండి రాకపోతే

ఉదయం డిపో నుంచి వంద శాతం ఛార్జితో బయల్దేరిన బస్సులో మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ పెద్దగా రాదు. లోపం కాదిది. నిండిన ప్యాక్‌లోకి పెద్ద కరెంటు నెట్టకుండా బ్యాటరీని కాపలా కాసే కంట్రోలరు, అంటే బీఎంఎస్, ఛార్జి కరెంటు పరిమితిని తగ్గిస్తుంది. ఆ పరిమితి 60 ఆంపియర్లు అనుకుంటే ప్యాక్ తీసుకునేది 36 కిలోవాట్లు, ఏసీ తీసుకునేది 10, మొత్తం 46. మన బస్సుకు 40 దగ్గర 98 కావాలి. లాగ్‌లో దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది: బ్రేకు పడగానే ఇన్వర్టరు పవర్ 46 దగ్గర అడ్డగీతలా ఆగిపోయి, వేగం 18, 19 కిలోమీటర్లకు దిగాకే అక్కడి నుంచి కిందికి వాలుతుంది. ఆ అడ్డగీత ఎత్తు బీఎంఎస్ పంపిన పరిమితితో సరిపోతే ఇన్వర్టరు జోలికి వెళ్లకండి.

దీనికి మందుగా రోజూ 90 శాతానికే ఛార్జి ఆపేస్తే ఇంకో చిక్కు. ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లో సెల్స్ సమానం కావడానికీ, శాతం లెక్క తిరిగి సరిపోవడానికీ అప్పుడప్పుడూ పూర్తి ఛార్జి కావాలి. దూరం తక్కువున్న డ్యూటీలకు 90, 95 దగ్గర ఆపి, తయారీదారు చెప్పిన గడువుకోసారి పూర్తిగా నింపడం మధ్యేమార్గం. మిగిలే లాభం మరీ పెద్దదేం కాదని కూడా తెలుసుకోవాలి. పై ఐదు శాతం ఖర్చవడానికి ఎనిమిది కిలోమీటర్లు పడుతుంది. ఆ దూరంలో రీజెన్ పూర్తిగా సున్నా అయినా పోయేది ఐదు యూనిట్లే.

నిజమైన లోపం ఎలా ఉంటుందంటే, ప్యాక్ 60 శాతం దగ్గర ఉంది, చల్లగా ఉంది, పరిమితి తెరిచే ఉంది, అయినా బ్రేకులో మోటారు టార్క్ సగమే వస్తుంది. అప్పుడు అదే క్షణంలో బ్రేకు ఛాంబర్లలో గాలి ఒత్తిడి చూడాలి. మోటారుకు ఇంకా ఖాళీ ఉండగానే వెనక ఛాంబర్లలో ఒత్తిడి లేస్తుంటే, పెడల్ సెన్సరు క్యాలిబ్రేషన్ తప్పింది, లేదా గాలి బ్రేకు ముందే అందుకునేలా సెట్టింగ్ మారింది. బ్రేకు పెడల్ కింద గాలిని వదిలే ఫుట్ వాల్వ్ మార్చిన తర్వాత పెడల్ సున్నా స్థానం మళ్లీ నేర్పించకపోతే ఇలా జరుగుతుంది. బస్సు మామూలుగానే ఆగుతుంది కాబట్టి డ్రైవరు ఫిర్యాదు చేయడు. వెనక లైనర్లు డీజిలు బస్సులో లాగా అరుగుతున్నాయని చాలా రోజులకు తెలుస్తుంది.

డ్రైవరు తప్పకుండా ఫిర్యాదు చేసేది వేరే ఉంది: మెల్లగా బ్రేకు వేస్తుంటే మధ్యలో బస్సు ఒక్కసారి వదిలేసినట్టు ముందుకు జారి, మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకులో చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్, చక్రం జారుతోందని అనుకుంటే రీజెన్ టార్క్‌ను వెంటనే తీసేస్తుంది, గాలి బ్రేకు అందుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. తడి రోడ్డు మీద ఇది సహజం, ఎందుకంటే రీజెన్ అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. పొడి రోడ్డు మీద, అదీ తక్కువ వేగంలో జరుగుతుంటే వెనక చక్రం వేగ సెన్సరును అనుమానించాలి. బేరింగ్ పని చేసినప్పుడో, లైనరు దుమ్ము పేరుకున్నప్పుడో సెన్సరు పళ్ల చక్రానికి దూరంగా జరుగుతుంది. చక్రం మెల్లగా తిరిగేటప్పుడు సిగ్నలు ఎలాగూ బలహీనం, దూరం పెరిగితే మధ్యలో మాయమవుతుంది. పళ్లు శుభ్రం చేసి, సెన్సరును స్ప్రింగ్ క్లిప్‌లో పళ్ల చక్రానికి తగిలేదాకా నెట్టి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పితే దూరం తనంతట తానే సర్దుకుంటుంది. సరైందో లేదో తర్వాతి ట్రిప్పు లాగ్‌లో ఏబీఎస్ ఫ్లాగ్ చూసి నిర్ధారించుకోవాలి.

లాగ్‌లో నేరుగా దొరకని నష్టం ఒకటుంది: వదలని బ్రేకు. లైనరుకూ డ్రమ్‌కూ మధ్య సందును సర్దే స్లాక్ అడ్జస్టరు బిగుసుకుపోయి లైనరు డ్రమ్‌ను రాస్తూ ఉంటే, రీజెన్ శాతం కొద్దిగానే తగ్గుతుంది, నికర వాడకం మాత్రం పెరిగిపోతుంది. ట్రిప్పు ముగిసిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు డ్రమ్ముల వేడి చూడాలి. బాగున్న ఎలక్ట్రిక్ బస్సులో నాలుగూ దాదాపు సమానంగా, పెద్దగా కాలకుండా ఉంటాయి. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడే వెతకాలి.

ఇదే బస్సు వేరే దారిలో

ఇదే లెక్కను 2019 నుంచి హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్న శంషాబాద్ విమానాశ్రయం దారికి అతికించకూడదు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లూ ఆగకుండా పోయే బస్సు కరెంటంతా టైర్లకూ గాలికీ ఇస్తుంది. అవి తిరిగివ్వవు. అక్కడ రీజెన్ శాతం తక్కువ కనిపించినా బస్సులో తప్పేమీ లేదు. కిలోమీటరుకు నికర ఖర్చులో ఏసీ వాటా మాత్రం సిటీలో కంటే బాగా తగ్గుతుంది, ఎందుకంటే కిలోమీటరు త్వరగా అయిపోతుంది. తిరుమల ఘాట్ దిగే బస్సు సంగతి మళ్లీ వేరు. అక్కడ ఒక్కో బ్రేకు పన్నెండు సెకన్లు కాదు, నిమిషాల తరబడి ఆగకుండా నడుస్తుంది. కాబట్టి క్షణికమైన గరిష్ఠ పవర్ కాక, మోటారు, ఇన్వర్టరు వేడెక్కకుండా నిలకడగా ఎంత తీసుకోగలవన్నదే హద్దు. కొండ పైన ప్యాక్‌ను నిండుగా ఛార్జి చేసి దింపడం కూడా తప్పు.

వాడని బ్రేకు కూడా పాడవుతుంది

రీజెన్ బాగా పనిచేసే బస్సులో ఎవరూ ఊహించని చిక్కు లైనర్ల అరుగుదల తగ్గిపోవడం వల్లే వస్తుంది. మన లెక్కలో మెల్లని బ్రేకుకు లైనర్ల వాటా ఐదు వాట్-అవర్లే. అంత తక్కువ వేడిలో లైనరు ముఖం నునుపెక్కి గాజులా మెరుస్తుంది, డ్రమ్ముల మీద వానాకాలంలో తుప్పు పొర అలాగే ఉండిపోతుంది. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టరు గట్టి బ్రేకు పడినప్పుడే బాగా సర్దుకుంటుంది కాబట్టి స్ట్రోకు, అంటే బ్రేకు ఛాంబరు పుష్ రాడ్ జరగాల్సిన దూరం, కూడా పెరుగుతూ పోతుంది. ఇవన్నీ ఏ రోజూ బయటపడవు. ఏబీఎస్ రీజెన్‌ను తీసేసిన రోజునో, ఛార్జి నిండిన ఉదయాన మొదటి మలుపులోనో, మొత్తం భారం ఒక్కసారి లైనర్ల మీద పడినప్పుడు బయటపడతాయి.

అందుకని వారానికోసారి డిపో ఆవరణలో ఖాళీ బస్సుతో, రీజెన్‌ను సర్వీస్ మోడ్‌లో ఆపి, 30 కిలోమీటర్ల వేగం నుంచి ఐదారుసార్లు గాలి బ్రేకుతోనే గట్టిగా ఆపాలి. తర్వాత నాలుగు చక్రాల దగ్గరా పుష్ రాడ్ స్ట్రోకు కొలిచి రాసుకోవాలి, డ్రమ్ముల వేడి మళ్లీ చూడాలి. ఈసారి వేడి ఉండాలి, నాలుగింటిలోనూ దగ్గరదగ్గరగా ఉండాలి. చల్లగా మిగిలిన డ్రమ్ము ఉంటే ఆ చక్రం పని చేయడం లేదని అర్థం, ఆ బస్సును ఆ రోజు రూట్‌కు పంపకూడదు.